మీ నాన్నగారి కథల పుస్తకం: కొటేషన్

నమస్తే మేడమ్,

మీ మెయిల్, ఫైళ్లు అందాయి. మొత్తం 232 ఏ4 పేజీలు, అన్నీ పాత ‘అను’ ఫాంట్లలోనే ఉన్నాయి. రేటు చెప్పేముందు మొదటి నాలుగు పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూశాను. అక్షరాలు బాగానే వచ్చాయి, వత్తులే ఇబ్బంది పెడుతున్నాయి. రెండో పేజీలో ‘పొద్దున్నే’ కాస్తా ‘పొద్దునే’ అయింది. చదువుకుంటూ పోతే తప్పని కూడా అనిపించదు, అందుకే ఇలాంటివి స్పెల్‌చెక్‌కి వదిలేయకుండా మీరు పంపిన పాత ప్రింటు పక్కన పెట్టుకుని మనిషే వరుసగా చదవాలి. ఖర్చులో ఎక్కువ భాగం దీనికే.

కన్వర్షన్, రెండుసార్లు ప్రూఫ్ కలిపి ఏ4 పేజీకి 45 రూపాయలు, అంటే 10,440. డెమీ సైజులో పేజీలు కట్టడానికి పేజీకి 25. సుమారు 300 పేజీలు వస్తాయని లెక్క వేస్తే 7,500. మొత్తం 17,940 రూపాయలు, పన్నులు ఇందులోనే. కట్టాక పేజీలు పెరిగినా తగ్గినా అదే 25 చొప్పున చివరి బిల్లులో సర్దుతాం.

చివరికి మీ చేతికి ప్రెస్సుకి ఇచ్చే పీడీఎఫ్, సరిచేసిన యూనికోడ్ ఫైలు రెండూ వస్తాయి. కవర్ డిజైన్, బొమ్మలు, ప్రింటింగ్ ఇందులో లేవు. కథల్లో నాన్నగారు వాడిన యాస మాటల జోలికి వెళ్లం, అనుమానం వస్తే గుర్తు పెట్టి మిమ్మల్నే అడుగుతాం. పేజీలు కట్టాక కొత్త కథ చేర్చినా, పేరాలు తిరగరాసినా అది వేరే లెక్క, కాబట్టి ఏవి ఉండాలో ఏవి తీసేయాలో ఇంట్లోవాళ్లంతా ముందే కూర్చుని తేల్చుకుంటే మీకే డబ్బు మిగులుతుంది.

అడ్వాన్స్ 40 శాతం, అంటే 7,176 రూపాయలు, అది అందిన రోజే పని మొదలు. మొదటి ప్రూఫ్ మీకు పంపిన వారం లోపు ఇంకో 7,176. మిగిలిన 3,588 చివరి ఫైళ్లు ఇచ్చే ముందు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయినా యూపీఐ అయినా సరే, ప్రతిసారీ రసీదు ఇస్తాం. మధ్యలో మీరు ఆపేయాలనుకుంటే అప్పటిదాకా అయిన పేజీలకే తీసుకుని మిగతాది వెనక్కి ఇచ్చేస్తాం.

మొదటి ప్రూఫ్‌కి 25 రోజులు పడుతుంది. మీరు దిద్ది పంపాక ఇంకో 15 రోజులు. మీ దగ్గర ప్రూఫ్ ఎన్నాళ్లు ఉంటే గడువు అన్నాళ్లు జరుగుతుంది, ఇది ముందే చెప్పకపోతే తర్వాత మాటపట్టింపులు వస్తాయి.

ఈ రేట్లు ఈరోజు నుంచి 21 రోజుల వరకే. సరేననుకుంటే ఈ మెయిల్‌కే ‘ఒప్పుకున్నాం’ అని జవాబివ్వండి, అకౌంటు వివరాలు పంపిస్తాను. మార్చిన నాలుగు పేజీలు జత చేశాను, వాటికి డబ్బేమీ లేదు. ఇంకోటి, మీ పాత ప్రింటు స్కాన్‌లో 117వ పేజీ కింది రెండు లైన్లు తెగిపోయాయి, వీలు చూసుకుని మళ్లీ ఫోటో తీసి పంపండి.