రెండు వందల ఎనిమిది

కార్తిక మాసంలో విశ్వనాథంగారింట ఉల్లిపాయ గుమ్మం దాటి లోపలికి రాదు కనుక, ఆ నెల రోజులూ కూరగాయల జాబితా ఒక వరుస తగ్గుతుంది. అయినా ఆ ఆదివారం కూతురూ అల్లుడూ పిల్లలతో వస్తున్నందువల్ల సంచి రెండు రకాల బదులు ఆరు రకాలతో నిండవలసి వచ్చింది. తెల్లవారి ఆరున్నరకే ఆయన ఎం.వి.పి. కాలనీ రైతుబజారుకు చేరుకుని, ముందుగా గేటు పక్కనున్న ధరల బోర్డు ఎదుట నిలబడి, ఆనాటి రేట్లను కరెంటు బిల్లు వెనుకవైపున బాల్‌పెన్నుతో ఎక్కించుకున్నారు. ముప్పై రెండేళ్లు లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి కావడంతో, ఎదుటివాడు చెప్పిన మొత్తాన్ని తాను కూడి చూడకుండా రూపాయి చెల్లించిన రోజు ఆయన జీవితంలో లేదు.

ఆనందపురం వైపు నుంచి వచ్చే రైతుల వరుసలో ఎప్పుడూ కూర్చునే సింహాచలమ్మ ఆ రోజు కనబడలేదు. ఆమె స్థానంలో పందొమ్మిదేళ్ల కొడుకు పైడిరాజు నిలబడి, బస్తాల మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. అమ్మకు జ్వరమనీ, సెలవు రోజు కాబట్టి తానే వచ్చాననీ, తమ పొలంలోవి వంకాయా బెండకాయా మాత్రమేననీ, తక్కినవి ఊళ్లోని మేనమామవనీ అడగకముందే చెప్పాడు. కుర్రవాడు కొత్తవాడు, పైగా మాటకారి. విశ్వనాథంగారికి ఈ రెండూ కలిసిన చోట నమ్మకం కలగదు. కాటా పక్కన తూనికలు కొలతల శాఖ వేసిన సీలును కళ్లద్దాలు పైకెత్తి మరీ పరిశీలించిన తరువాతే ఆయన సంచి విప్పారు.

వంకాయలు ముప్పావు కిలో, బెండకాయలు అరకిలో, పచ్చిమిర్చి పావుకిలో, కంద రెండు కిలోలు, బీరకాయలు కిలో వరుసగా కాటా ఎక్కి సంచిలో దిగాయి. బెండకాయ ముదిరిందేమోనని ఆయన తొడిమ దగ్గరా, కొన దగ్గరా పట్టి చూస్తుంటే, కుర్రవాడు ఒక కాయ కొనను బొటనవేలితో పుటుక్కున విరిచి చూపించి, విరిచినదాన్ని పక్కన పెట్టి దాని బదులు మరొకటి వేశాడు. చివరగా కిలోన్నర టమాటాలు తూచబోతుండగా ఎవరి కాలో తగిలి బ్యాటరీ తీగ ఊడింది. కాటా మీది ఎర్ర అంకెలు ఆరిపోయాయి. పైడిరాజు వంగి తీగ బిగించి, అంకెలు తిరిగి వెలిగాక, ప్లాస్టిక్ బుట్టలో టమాటాలు నింపి 1.500 చూపించాడు.

"రెండు వందల ఎనిమిదండి, తాతగారూ."

బుట్ట ఇంకా అతని చేతిలోనే ఉంది. కాగితం లేదు, ఫోను తీయలేదు. విశ్వనాథంగారికి ఆ వేగం కొంచెం అవమానంగా తోచింది. ఆయన కరెంటు బిల్లును అరచేతిలో పరుచుకుని, వంకాయలకు 27, బెండకాయలకు 22, మిర్చికి 15, కందకు 64, బీరకాయలకు 38, టమాటాలకు 42 అని ఒకదాని కింద ఒకటి వేసి, కింద గీత గీసి, ఆఫీసులో నేర్చిన పద్ధతిలో కుడివైపు నుంచి కూడుకుంటూ వచ్చారు. ఈలోగా వెనుక నలుగురైదుగురు చేరి గుసగుసలాడసాగారు.

"రెండు వందల పద్దెనిమిది" అన్నారాయన, గెలిచిన గొంతుతో. "నీ లెక్క నీకే నష్టం తెచ్చింది నాయనా. అమ్మ రాని రోజున ఇలా నోటిలెక్కలు వేస్తే సాయంత్రానికి మిగిలేదేమిటి?" అంటూ రెండు వంద నోట్లకు ఒక ఇరవై నోటు చేర్చి ముందుకు చాపారు.

ఆ పది రూపాయలు పుచ్చుకుంటే తప్పు పట్టేవారు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. వెనుకనున్న ఒకావిడైతే, "పెద్దాయన ఇస్తానంటుంటే తీసుకోవయ్యా, మాకు ఆలస్యం అవుతోంది" అని విసుక్కుంది కూడా. పైడిరాజు ఇరవై నోటును మాత్రం వెనక్కి జరిపాడు.

"కాదండి. బీరకాయలూ టమాటాలూ కలిపితే ఎనభై. కంద అరవై నాలుగు చేరిస్తే నూట నలభై నాలుగు. వంకాయా మిర్చీ కలిపి నలభై రెండు, నూట ఎనభై ఆరు. బెండ ఇరవై రెండు, రెండు వందల ఎనిమిది."

అతడు పైనుంచి కిందికి కూడడం లేదని, గుండ్రంగా వచ్చే జతలను ముందు ఏరుకుంటున్నాడని విశ్వనాథంగారు అప్పుడు గమనించారు. ఆయన మళ్లీ కాగితం మీదికి వంగారు. ఒకట్ల స్థానం మొత్తం ఇరవై ఎనిమిది. ఎనిమిది వేసి రెండు మోయవలసి ఉండగా, పైన చిన్నగా వేసుకున్న అంకె మాత్రం మూడు. తన చేతిరాతే. ముప్పై రెండేళ్లలో ఇతరుల కాగితాల మీద ఎర్రసిరాతో ఎన్నిసార్లు సున్నా చుట్టారో, అదే రకం తప్పు. ఆయన మాట్లాడకుండా మూడును కొట్టివేసి రెండు వేసి, ఇరవై నోటు జేబులో పెట్టుకుని పది నోటు తీశారు. పైడిరాజు రెండు రూపాయల బిళ్ల ఆయన చేతిలో పెట్టి, అప్పటికే వెనుకావిడ సంచి అందుకుంటున్నాడు. తప్పు చూపించి అక్కడే నిలబడి చూడనందుకు విశ్వనాథంగారు లోలోపల అతనికి కృతజ్ఞుడయ్యారు.

గేటు బయట ఆటోవాడితో ఆయన బేరం ఒక కొలిక్కి వస్తుండగా, "తాతగారూ, తాతగారూ" అని వెనుకనుంచి పిలుపు వినిపించింది. పైడిరాజు దుకాణాన్ని పక్క రైతుకు అప్పగించి పరుగెత్తుకు వచ్చాడు. లుంగీ అంచు ఒక చేత, మూడు టమాటాలు మరో చేత పట్టుకుని ఉన్నాడు.

"తప్పు నాదేనండి. తీగ ఊడి కాటా మళ్లీ వెలిగినప్పుడు బుట్ట బరువు తీసేయడం మరిచిపోయాను. ఇప్పుడు ఖాళీ బుట్ట పెడితే నూట అరవై గ్రాములు చూపించింది. మీకు టమాటాలు అంత తగ్గాయండి."

సీలు సరిగ్గా ఉన్న కాటా కూడా బుట్టను టమాటా కింద లెక్కగట్టగలదన్న సంగతి అంత జాగ్రత్తగా సీలు చూసిన ఆయనకు తట్టలేదు. "మిగతావాటికో?" అన్నారు, అలవాటు కొద్దీ.

"మిగతావి తీగ ఊడకముందు తూచినవండి, అప్పటికి బుట్ట బరువు తీసే ఉంది. మీ తరువాత ఇంకెవరికీ ఆ బుట్టతో తూచలేదు. వెనుకావిడకు తూచబోతుంటేనే తెలిసింది."

విశ్వనాథంగారు సంచి నోరు తెరిచి పట్టుకున్నారు. టమాటాలు ఒక్కొక్కటిగా పడుతుండగా ఆయన పెదవులు వాటంతటవే కదిలాయి. కిలో ఇరవై ఎనిమిది చొప్పున నూట అరవై గ్రాములకు ఎంతవుతుందో, ఈసారి కాగితం లేకుండా, మెల్లగా కూడుకుంటున్నారు. ఇరవై ఎనిమిదిని పదహారుతో హెచ్చవేసి...

"నాలుగున్నరకు రెండు పైసలు తక్కువండి" అని పైడిరాజు అప్పటికే గేటు వైపు తిరిగి పరుగెడుతూ చెప్పాడు. "మూడూ పెద్ద కాయలే వేశాను, తక్కువ రాదు!"

ఆటోవాడు హారన్ కొట్టాడు. విశ్వనాథంగారు ఆటో ఎక్కి కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, ఉషోదయ జంక్షన్ దాటేదాకా ఆ హెచ్చవేత పూర్తిచేస్తూనే ఉన్నారు. నాలుగు రూపాయల నలభై ఎనిమిది పైసలు. సరిపోయింది.