పటిక నుంచి క్లోరిన్ దాకా: ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ పెద్ద ప్రశ్న

నది నీళ్లని తాగునీళ్లుగా ఎలా శుద్ధి చేస్తారో రాయమనే ఈ ప్రశ్నకి అందరూ ఫ్లో డయాగ్రామ్ బాగానే గీస్తారు, కానీ ఆ స్టెప్పులు ఆ వరసలోనే ఎందుకున్నాయో ఎవరూ రాయరు, మార్కులేమో అక్కడే పోతాయి. మనం వరద టైంలో గోదావరి నీళ్లు తీసుకుందాం, ఎర్రగా బురదగా ఉంటాయి కదా. స్క్రీనింగ్, ఏరేషన్ అయిపోయాయనుకుని పటిక దగ్గర మొదలెడదాం.

బిందెలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే ఇసుక అడుగుకి పోతుంది కానీ నీళ్లు మాత్రం పూర్తిగా తేరుకోవు. ఎందుకంటే సన్నటి బంకమట్టి కణాలన్నిటికీ నెగటివ్ చార్జ్ ఉంటుంది, ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలోనే తేలుతుంటాయి, వీటినే కొల్లాయిడ్స్ అంటారు. పటిక వేస్తే అల్యూమినియం అయాన్లు ఆ చార్జ్‌ని చంపేస్తాయి, దాంతోపాటు నీళ్లలో ఉన్న ఆల్కలినిటీతో కలిసి జిగురులాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ తయారై అడ్డొచ్చిన కణాల్ని అంటించుకుంటుంది. ఊళ్లలో చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది కూడా నీళ్లు తేరుకోవడానికే, కొత్తేం కాదు. ఈక్వేషన్ తప్పకుండా రాయండి:

```
Al2(SO4)3·18H2O + 3Ca(HCO3)2 → 2Al(OH)3↓ + 3CaSO4 + 6CO2 + 18H2O
```

ఇందులో CO2 వస్తోంది చూశారా, అందుకే పటిక వేస్తే పీహెచ్ పడిపోతుంది, ఆల్కలినిటీ చాలకపోతే సున్నం కలపాలి. పటిక పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య బాగా పనిచేస్తుంది. డోసు ఎంత అనేది పుస్తకం చెప్పదు, జార్ టెస్ట్ చెప్తుంది. ఆరు బీకర్లలో అవే నీళ్లు పోసి, ఒక్కో దాంట్లో ఒక్కో డోసు వేసి, ముందు జోరుగా ఓ నిమిషం, తర్వాత మెల్లగా తిప్పి కాసేపు వదిలేస్తే, ఏ బీకర్ తక్కువ పటికతో బాగా తేరుకుందో అదే ఆప్టిమమ్ డోసు.

ప్లాంట్‌లో జరిగేదీ ఇదే. ఫ్లాష్ మిక్సర్లో 30 నుంచి 60 సెకన్లు గట్టిగా కలుపుతారు, పటిక నీళ్లంతా పాకాలి కాబట్టి. తర్వాత ఫ్లాక్యులేటర్లో సుమారు 20-30 నిమిషాలు నిదానంగా తిప్పుతారు, కణాలు ఒకదానికొకటి తగిలి పెద్ద ఫ్లాక్‌లు కావాలి, ఇక్కడ స్పీడ్ పెంచితే కట్టిన ఫ్లాక్ మళ్లీ విరిగిపోతుంది. కోయాగ్యులేషన్‌కీ ఫ్లాక్యులేషన్‌కీ తేడా అడిగితే ఇదే రాయండి: మొదటిది చార్జ్ పోగొట్టే కెమిస్ట్రీ, రెండోది కణాల్ని కలిపే పని. క్లారిఫ్లాక్యులేటర్ అంటే మధ్యలో ఫ్లాక్యులేషన్, చుట్టూ సెటిల్ అయ్యే భాగం, రెండూ ఒకే గుండ్రటి ట్యాంకులో అన్నమాట. సెడిమెంటేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రెండు మూడు గంటలు డిటెన్షన్, అడుగున స్లడ్జ్ పోతుంది, పైన తేరిన నీళ్లు వియర్ మీంచి ఫిల్టర్‌కి వెళ్తాయి.

ర్యాపిడ్ శాండ్ ఫిల్టర్లో ఇసుక ఎఫెక్టివ్ సైజు 0.45 నుంచి 0.7 మిల్లీమీటర్లు, లోతు 60-75 సెంటీమీటర్లు, కింద గ్రావెల్, ఆ కింద అండర్‌డ్రెయిన్లు. రేటు చదరపు మీటరుకి గంటకి 3000 నుంచి 6000 లీటర్లు, స్లో శాండ్ ఫిల్టర్‌కైతే 100 నుంచి 200 మాత్రమే. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు, ర్యాపిడ్ ఫిల్టరే గొప్పదనుకుని బ్యాక్టీరియా తీసేయడంలో కూడా అదే మేలని రాసేస్తారు, నిజానికి ఆ విషయంలో స్లోదే పైచేయి, ఇసుక మీద పట్టే బయలాజికల్ పొర వల్ల. కాకపోతే టర్బిడిటీ ఎక్కువుంటే స్లో ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. ర్యాపిడ్ దాంట్లో హెడ్ లాస్ పెరగ్గానే కిందినుంచి గాలి, నీళ్లు పంపి బ్యాక్‌వాష్ చేస్తారు, మామూలుగా రోజుకో రెండు రోజులకో ఒకసారి.

ఇక క్లోరిన్ చివర్లోనే ఎందుకు? బురద ఉన్న నీళ్లలో వేస్తే సగం క్లోరిన్ ఆ చెత్తకే ఖర్చయిపోతుంది, పైగా కణాల చాటున సూక్ష్మజీవులు దాక్కుంటాయి. ఈ పాయింట్ రాయకుండా వదలొద్దు. క్లోరిన్ నీళ్లలో కలిస్తే హైపోక్లోరస్ ఆసిడ్ వస్తుంది, చంపేది ముఖ్యంగా అదే, పీహెచ్ పెరిగేకొద్దీ అది బలం తక్కువైన హైపోక్లోరైట్ అయాన్‌గా మారిపోతుంది. క్లోరిన్ డోసు పెంచుకుంటూ పోతే వచ్చే బ్రేక్ పాయింట్ గ్రాఫ్‌లో రెసిడ్యువల్, అంటే నీళ్లలో మిగిలే క్లోరిన్, ముందు పెరిగి, అమ్మోనియాతో కలిసి తయారైన క్లోరమైన్లు నాశనమవుతుంటే తగ్గి, అక్కణ్ణుంచి వేసినంతా ఫ్రీ క్లోరిన్‌గా మళ్లీ పెరుగుతుంది, ఆ కింది మలుపే బ్రేక్ పాయింట్. తాగునీటి ప్రమాణం IS 10500 ప్రకారం ఫ్రీ రెసిడ్యువల్ కనీసం లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, పైపుల్లో దారిపొడవునా ఏదైనా కలిస్తే కాపాడాలి కదా.

లెక్క కూడా వస్తుంది, భయపడొద్దు. ఎంఎల్‌డీని, అంటే రోజుకి ఎన్ని మిలియన్ లీటర్లో దాన్ని, లీటరుకి మిల్లీగ్రాములతో గుణిస్తే నేరుగా రోజుకి కిలోలు. 10 ఎంఎల్‌డీ ప్లాంటు, పటిక డోసు 20 అయితే రోజుకి 200 కిలోలు. క్లోరిన్ డోసు 2 అయితే 20 కిలోలు, అదే 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్‌తో అయితే 20ని 0.3తో భాగించాలి, 66.7 కిలోలు. గుణించి 6 కిలోలని రాసేవాళ్లు ఉంటారు, పౌడర్‌లో క్లోరిన్ కొంతే ఉంటే పౌడర్ ఎక్కువే పడుతుంది కదా, ఆన్సర్ 20 కంటే తక్కువొస్తే వెంటనే వెనక్కెళ్లి చూసుకోండి.