మార్చి 31 తర్వాతి సంఘటనలు: 2024–25 ఆర్థిక నివేదికల్లో మార్పులు

బోర్డు సభ్యులకు ఫైనాన్స్ విభాగం నోట్
భీమవరం, 24 మే 2025

ఈ నెల 28న బోర్డు ఆమోదించబోయే లెక్కలకు సంబంధించి, మార్చి 31 తర్వాత జరిగిన వాటిని ఇండ్ ఏఎస్ 10 ప్రకారం వేరు చేశాం. ప్రతి సంఘటన దగ్గరా అడిగిన ప్రశ్న ఒక్కటే: మార్చి 31 నాటికే ఆ పరిస్థితి ఉందా, తర్వాత పుట్టిందా? కబురు మనకు ఎప్పుడు అందిందన్నది ముఖ్యం కాదు.

లెక్కలు మార్చాల్సినవి

అన్నిటికన్నా పెద్దది అమెరికా బయ్యర్ బకాయి. ఏప్రిల్ 18న ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. మనకు రావాల్సింది రూ. 4.80 కోట్లు, ఈసీజీసీ కవర్ లేదు. పిటిషన్ ఏప్రిల్‌లో పడింది కాబట్టి నష్టాన్ని వచ్చే ఏడాదికి తీసుకెళ్లవచ్చని మార్కెటింగ్ విభాగం వాదించింది. దాన్ని ఒప్పుకోలేం. బిల్లులు డిసెంబర్ నుంచే గడువు దాటి ఉన్నాయి, ఫిబ్రవరిలో రెండుసార్లు వాయిదా అడిగారు. మార్చి చివరికే ఆ బాకీ చెడిపోయిందని పిటిషన్ రుజువు చేసింది, అంతే. లాయర్ల అంచనాలో 20 శాతం వస్తుంది. ఇప్పటికే ఉన్న రూ. 48 లక్షల ప్రొవిజన్ పోను, ఇంకా రూ. 3.36 కోట్లు పెట్టాలి.

రెండోది వనామీ లాట్. ఫిబ్రవరి, మార్చిల్లో ప్యాక్ చేసిన 40 టన్నుల్లో నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్లు ఉన్నట్టు ఏప్రిల్ 12న ల్యాబ్ రిపోర్టు వచ్చింది. రిపోర్టు తర్వాత వచ్చినా, రొయ్యలో ఆ మందు మార్చి 31నే ఉంది. ఆ సరుకు అమ్మేది కాదు. కిలో రూ. 450 చొప్పున రూ. 1.80 కోట్లు పూర్తిగా రాసేయాలి.

ప్యాకింగ్ యూనిట్ లీజును 2023లో ముందే రద్దు చేసినందుకు నడుస్తున్న ఆర్బిట్రేషన్‌లో మే 7న రూ. 1.46 కోట్లు కట్టమని తీర్పు వచ్చింది. మనం పెట్టుకున్నది రూ. 90 లక్షలు. తేడా రూ. 56 లక్షలు ఈ ఏడాది ఖర్చులోకే వస్తుంది. మొత్తం ఇక అంచనా కాదు కాబట్టి ప్రొవిజన్ల నుంచి తీసి చెల్లించాల్సిన అప్పుల కింద చూపిస్తున్నాం.

లెక్కలు మార్చకూడనివి

ఏప్రిల్ 2న అమెరికా భారత్‌పై 26 శాతం ప్రతీకార సుంకం ప్రకటించింది. 9న దాన్ని 90 రోజులు ఆపి, 10 శాతం మాత్రం కొనసాగించింది. బయ్యర్లు ధర తగ్గించమంటున్నారు. మిగిలిన స్టాక్ మీద అంచనా ప్రభావం రూ. 2.10 కోట్లు. ఏడాది ఎలాగూ పాడైంది కాబట్టి ఇదీ ఇందులోనే కలిపేద్దామన్న మాట వినిపించింది. అలా చేస్తే ఈ ఏడాది లాభం తప్పుగా తగ్గి, వచ్చే ఏడాది తప్పుగా పెరుగుతుంది. మార్చిలో సుంకం భయం ఉన్న మాట నిజమే. కానీ సుంకం విధింపు, దాని రేటు రెండూ ఏప్రిల్‌లో వచ్చినవే. గత డిసెంబర్‌లో ఖాయమైన 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ సంగతి వేరు, దాన్ని మార్చి 31 స్టాక్ విలువ కట్టేటప్పుడే తీసేశాం.

మే 11న కంప్రెసర్ గదిలో జరిగిన అగ్నిప్రమాదంలో రూ. 1.25 కోట్ల పుస్తక విలువ గల యంత్రాలు పోయాయి. నష్టం, బీమా క్లెయిమ్ రెండూ 2025–26కు చెందుతాయి. షేరుకు రూ. 1.50 ప్రతిపాదిత డివిడెండ్ (మొత్తం రూ. 3 కోట్లు) కూడా మార్చి 31 నాటి అప్పు కాదు, నోట్స్‌లో చూపితే చాలు.

నివేదికల్లో తేడా

| అంశం (రూ. కోట్లు) | ముందు | తర్వాత |
|---|---|---|
| పన్నుకు ముందు లాభం | 21.40 | 15.68 |
| పన్ను (25.168 శాతం) | 5.39 | 3.95 |
| నికర లాభం | 16.01 | 11.73 |
| షేరుకు ఆదాయం (రూపాయల్లో) | 8.01 | 5.87 |

పన్ను తగ్గుదల రూ. 1.44 కోట్లలో రూ. 85 లక్షలు డిఫర్డ్ టాక్స్ ఆస్తిగా వస్తుంది. బాకీని నిజంగా రైటాఫ్ చేసేదాకా పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. మిగతా రూ. 59 లక్షలు ఈ ఏడాది పన్నులోనే తగ్గుతాయి.

నోట్స్‌లో చేర్చే పాఠం

"2025 ఏప్రిల్‌లో అమెరికా విధించిన అదనపు సుంకం వల్ల మార్చి 31 నాటి నిల్వల అమ్మకంపై సుమారు రూ. 2.10 కోట్ల ప్రభావం ఉండవచ్చని యాజమాన్యం అంచనా. 2025 మే 11న జరిగిన అగ్నిప్రమాదంలో రూ. 1.25 కోట్ల పుస్తక విలువ గల యంత్రాలు దెబ్బతిన్నాయి. వీటికి బీమా ఉంది, క్లెయిమ్ దాఖలైంది. ఇవి రిపోర్టింగ్ తేదీ తర్వాత తలెత్తిన పరిస్థితులు కాబట్టి ఈ నివేదికల్లో సర్దుబాటు చేయలేదు. కంపెనీ కొనసాగింపు సామర్థ్యంపై వీటి ప్రభావం లేదు."

సుంకం, అగ్నిప్రమాదం రెండూ కంపెనీల చట్టం సెక్షన్ 134 కింద డైరెక్టర్ల నివేదికలోనూ రావాలి. 28న సంతకాలు అయ్యే వరకు కొత్త కోర్టు నోటీసు, బయ్యర్ల ఇబ్బంది, సరుకు తిరస్కరణ ఏది తెలిసినా అదే రోజు ఫైనాన్స్‌కు చెప్పాలని విభాగాధిపతులందరినీ కోరుతున్నాం. ఆడిటర్లు సంతకానికి ముందు ఇదే విషయంపై మన నుంచి రాతపూర్వక హామీ తీసుకుంటారు.