గ్రామీణ అనుబంధ శిక్షణ: క్షేత్ర పర్యటన నివేదిక

ఉద్దేశం, పద్ధతి: గ్రామంలో తాగునీటి తీరు తెలుసుకోవడం కోసం నలుగురు విద్యార్థులం పది రోజులు అక్కడే ఉండి 36 ఇళ్లకు వెళ్లాం. కుళాయిల దగ్గర క్లోరిన్ కిట్‌తో నీళ్లు పరీక్షించాం.

పరిశీలనలు: ట్యాంకుకు దగ్గరి కుళాయిల్లో క్లోరిన్ సరిపడా ఉంది. చివరి వీధిలో మాత్రం మూడు రోజులు పరీక్షించినా రంగు మారలేదు. ఉండాల్సిన కనీస మోతాదు, లీటరుకు 0.2 మిల్లీగ్రాములు కూడా అక్కడికి చేరడం లేదు. పైపు వెంట నడిచి చూశాం. రెండు చోట్ల అది మురుగు కాలువలోంచే పోతోంది, ఒక అతుకు కారుతోంది. సరఫరా ఆగి ఒత్తిడి పడిపోయినప్పుడు ఆ అతుకు గుండా మురుగు లోపలికి చేరే ప్రమాదం ఉంది. మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. "మా వీధికి వచ్చేసరికి నీళ్లు వాసనొస్తాయమ్మా" అని ఒక పెద్దావిడ మొదటి రోజే చెప్పారు. ఆ మాటను అప్పుడే రాసుకోవాల్సింది. ఇళ్లలో బిందెలకు మూతలున్నాయి కానీ గ్లాసు ముంచే నీళ్లు తీస్తున్నారు.

సిఫార్సులు: ముందు అతుకు బాగుచేసి, పైపును కాలువలోంచి తప్పించాలి. అది చేయకుండా ట్యాంకులో క్లోరిన్ పెంచితే సరిపోదు. అప్పటిదాకా చివరి వీధివాళ్లు నీళ్లు మరిగించి తాగాలి. చివరి కుళాయి దగ్గర వారానికోసారి పరీక్షించి, ఫలితం పంచాయతీ బోర్డు మీద రాయాలి.

పరిమితి: మేం చూసింది వేసవిలోనే. వానాకాలంలో ఈ పరీక్షలు మళ్లీ చేయాలి.