సోమవారం స్టేటస్ మీటింగ్ ఇక ఉండదు

అందరికీ నమస్తే,

ప్రతి సోమవారం ఉదయం 10 గంటలకు పెట్టుకునే స్టేటస్ మీటింగ్‌ని వచ్చే వారం నుంచి ఆపేస్తున్నాం. వాయిదా కాదు, పూర్తిగా రద్దు. క్యాలెండర్ ఇన్వైట్ ఈ సాయంత్రం నేనే తీసేస్తాను, క్యాన్సిల్ మెయిల్ వస్తే కంగారు పడకండి.

సగం మంది సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్ మ్యూట్‌లో పెట్టి వింటున్నారు, మిగతావాళ్లు తమ వంతు వచ్చేదాకా వేరే పని చూసుకుంటున్నారు, అంతా అయ్యాక అదే విషయం మళ్లీ చాట్‌లో అడుగుతున్నారు. ఈ మాత్రానికి గంట ఎందుకు?

ఇకమీదట అప్‌డేట్లన్నీ టీమ్స్‌లోని weekly-status ఛానెల్‌లోనే. సోమవారం మధ్యాహ్నం 12 లోపు ఏం అయింది, ఏది ఆగింది, ఎవరి నుంచి ఏం కావాలి అన్నది మూడు నాలుగు లైన్లలో రాయండి, ఎవరి నుంచి కావాలో వాళ్లను ట్యాగ్ చేయండి. ఉప్పల్ గోడౌన్ వాళ్లు స్టాక్ షీట్ లింక్ కూడా అక్కడే పెట్టాలి. వాట్సాప్‌లో ఫొటో తీసి పెడితే గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పడి కనిపించకుండా పోతోంది. పాత మీటింగ్ నోట్స్ అదే ఛానెల్‌లో Files ట్యాబ్‌లో ఉన్నాయి.

అర్జెంట్ అయితే ఛానెల్ కోసం ఆగకండి, ఫోన్ చేసేయండి. గురువారం రిలీజ్ మీటింగ్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.