గ్రౌండ్ ఏడాది ఫీజు 3,000 నుంచి 4,200 ఎందుకు అవుతోంది: సభ్యులందరికీ ట్రెజరర్ ఉత్తరం

తిరుపతి,
మార్చి 10, 2026

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, తెల్లారకముందే వాకింగ్‌కు వచ్చే పెద్దలందరికీ నమస్కారం.

విషయం ముందే చెప్పేస్తాను. ఏప్రిల్ 1 నుంచి గ్రౌండ్ ఏడాది ఫీజు 3,000 నుంచి 4,200 రూపాయలు చేయాలని కమిటీ అనుకుంటోంది. అంటే నెలకు 250 పడుతున్నది 350 అవుతుంది. చదువుకునే పిల్లలకు మాత్రం పాత 3,000 అలాగే ఉంటుంది. 22వ తేదీ ఆదివారం జరిగే జనరల్ బాడీలో దీన్ని ఓటుకు పెడతాం. ఆ రోజు ఉత్త అరుపులతో పొద్దుపోకుండా, అందరూ లెక్క చూసుకుని వస్తే బాగుంటుందని ఇప్పుడే రాస్తున్నా.

ఈ 3,000 రూపాయలు 2021లో పెట్టిన ఫీజు. ఆ తర్వాత ఒక్క రూపాయి పెంచలేదు. ఈ ఐదేళ్లలో కరకంబాడి రోడ్డు వైపు స్థలాల ధర ఎక్కడికి పోయిందో మీకు వేరే చెప్పక్కర్లేదు, మనలోనే ఇద్దరు ముగ్గురు ఆ వ్యాపారంలో ఉన్నారు. మన గ్రౌండ్ స్థలం సొంతదారుడు ఇన్నాళ్లూ నెలకు 12,000 తీసుకుని ఊరుకున్నాడంటే అది మన మీద అభిమానమే. లీజు ఈ మార్చితో అయిపోతోంది. ఆయన 18,000 అడిగాడు. ప్రెసిడెంటు గారు, నేను, వాలీబాల్ వాళ్ల తరఫున ఇంకొకరు మూడుసార్లు ఆయన ఇంటికి పోయి కూర్చుని మాట్లాడితే 14,500కి ఒప్పుకున్నాడు. మూడేళ్ల దాకా పెంచనని స్టాంపు పేపరు మీద రాసిచ్చాడు కూడా. ఆ రాత కోసమే మేము ఇంకో 500 తగ్గించమని పట్టుబట్టలేదు. ఏడాదికేడాది బేరమాడుకుంటూ, ఎప్పుడు ఖాళీ చేయమంటాడో అని టెన్షన్ పడేకన్నా ఇదే మేలు. దీనివల్ల ఏడాదికి 30,000 అదనం.

ఇక ఈ ఏడాది జమాఖర్చు. 140 మంది సభ్యుల్లో ఫీజు కట్టింది 129 మంది, ఆ లెక్కన వచ్చింది 3,87,000. ఆదివారాలు బయటి టీములకు మ్యాచ్‌లకిచ్చినందుకు 62,000. మొత్తం రాబడి 4,49,000. ఖర్చు చూస్తే లీజుకు 1,44,000, వాచ్‌మన్ జీతం 1,32,000, కరెంటుకు 58,000, పిచ్‌కు, గ్రౌండ్ చదునుకు, సున్నానికి కలిపి 46,000, నీళ్ల ట్యాంకర్లకు 28,000, మోటారు రిపేర్లకు 19,000, నెట్లు, తాళ్లు, బాత్‌రూముల శుభ్రం వగైరాకు 24,000, ఆడిట్, రెన్యువల్ లాంటి చిల్లరకు 8,000. ఇదంతా 4,59,000. ఇక్కడికే పదివేలు తక్కువ పడింది. దాని మీద గోడ.

గోడ సంగతి తెలియని వాళ్లకు: మొన్న నవంబరు వానలకు తూర్పు వైపు కాంపౌండు గోడ దాదాపు ఇరవై అడుగుల మేర పడిపోయింది. 2021 నవంబరులో ఊరు ఊరంతా నీళ్లలో ఉన్నప్పుడు కూడా నిలబడిన గోడ అది. ఈసారి పక్క ప్లాటులో మట్టి తోలి ఎత్తు పెంచడంతో ఆ నీళ్లన్నీ మన గోడ మీదికే తిరిగాయి. పునాది నుంచి తీసి కట్టి, అడుగున నీళ్లు పోయేందుకు పైపులు పెట్టేసరికి 65,000 అయింది. ఆ ప్లాటు ఆసామితో మాట్లాడుతూనే ఉన్నాం, ఆయన ఇస్తాడనీ చెప్పలేను, ఇవ్వడనీ చెప్పలేను. కాబట్టి ఆ డబ్బును ఏ లెక్కలోనూ చూపించలేదు. మొత్తానికి ఈ ఏడాది లోటు 75,000. బ్యాంకులో 1,60,000 ఉన్న నిల్వ ఇప్పుడు 85,000. ఇలాంటిదే ఇంకో వానాకాలం వస్తే ఆ తర్వాత చేతిలో ఉండేది దాదాపు సున్నా.

అందరూ అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: "కట్టని ఆ పదకొండు మంది దగ్గర ముందు వసూలు చేయండి సార్, తర్వాత మమ్మల్ని అడగండి." న్యాయమైన మాటే. వాళ్లలో నలుగురు ఊరు మారిపోయారు, మిగతావాళ్లను ఏప్రిల్‌లో ఆడనివ్వం, కట్టాకే లోపలికి. కానీ లెక్క వేసి చూడండి. 140 మందీ కట్టినా పాత ఫీజుతో 4,20,000, మ్యాచ్‌ల డబ్బు 62,000 కలిపితే 4,82,000. వచ్చే ఏడాది మామూలు ఖర్చే 5,07,000 అవుతుంది, లీజూ జీతమూ పెరిగాయి కాబట్టి. కొత్త పని ఒక్కటీ పెట్టుకోకుండానే 25,000 తక్కువ.

జీతం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని మీదే గొణుగుడు ఎక్కువ వినపడింది. మన వాచ్‌మన్ పొద్దున 4:45కి గేటు తీస్తాడు. తెల్లవారకముందే దుమ్ము లేవకుండా ట్రాక్ పొడుగునా పైపు పట్టుకుని నీళ్లు కొడతాడు, పది గంటలకు పిచ్ మీద గోనెపట్టాలు కప్పుతాడు, సాయంత్రం లైట్లు వేస్తాడు, రాత్రి తొమ్మిదిన్నరకు తాళం. ఆయన భార్య బాత్‌రూములు చూసుకుంటుంది, దానికి మనం విడిగా ఇచ్చేది చాలా తక్కువ. ఇదంతా నెలకు 11,000కి. ఈ ఊళ్లో లాడ్జీలకు కొదవా? సెక్యూరిటీ పనికి ఇంతకన్నా ఎక్కువ ఇస్తామని రెండు చోట్ల నుంచి ఆయన్ని పిలిచారు, ఆ సంగతి ఆయనే నాతో చెప్పాడు, బెదిరింపుగా కాదు, ఏం చేయమంటావు సార్ అని. 12,500 ఇద్దామని కమిటీలో ఒక్కరు కూడా కాదనకుండా ఒప్పుకున్నారు. నా మటుకు నాకు అది కూడా తక్కువే.

రెండో ప్రశ్న వాకింగ్ పెద్దల నుంచి. "మేము గంట నడిచి పోతాం, మాకు లైట్లెందుకు, పిచ్ ఎందుకు, మాకు సగం ఫీజు పెట్టండి." దీన్ని కమిటీ నిజంగానే ఆలోచించింది. నడిచేవాళ్లకొకటి, షటిల్‌కొకటి, క్రికెట్‌కొకటి అని విడగొడితే ఎవరు ఏ రోజు ఏం ఆడారో కాపలా కాయడానికి ఇంకో మనిషిని పెట్టాలి. పైగా గోడ, గేటు, బాత్‌రూములు, దుమ్ముకు నీళ్లు, ఐదు గంటల చీకట్లో వెలిగే రెండు లైట్లు అందరివీ. పిచ్ ఒక్కటే క్రికెట్ వాళ్లది. దాని ఖర్చులో పెద్ద భాగం ఆదివారం బయటి టీములిచ్చే 62,000తోనే తీరిపోతుంది. అందుకని ఫీజు ఒకటే ఉంచాం.

పిచ్‌కు అంత ఖర్చెందుకు అనేవాళ్లకు రెండు మాటలు. మన దగ్గర దొరికే ఎర్రమట్టి పిచ్‌కు నిలవదు, రెండు ఓవర్లకే పొడి లేచి గుంత పడుతుంది. ఇరవై రెండు గజాల మేర జిగురున్న నల్లమట్టి పరిచి, తడిపి, సగం ఆరాక రోలర్ తిప్పి, మళ్లీ తడిపి మళ్లీ తిప్పాలి. ఏడాదికోసారి పై పొర గీకి కొత్త మట్టి వేయాల్సిందే. ఆ మట్టి దూరం నుంచి ట్రాక్టర్లో రావాలి, రోలర్‌కు అద్దె కట్టాలి. వాన పడ్డ రోజు ఎవరో స్పైక్ షూలతో అడ్డం పడి నడిచారు, ఆ గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. దయచేసి తడి పిచ్ మీద కాలు పెట్టకండి, అది కూడా మన ఫీజే.

నీళ్లు: మన బోరు ఏప్రిల్ వచ్చేసరికి అరగంట పోసి ఆగిపోతుంది. మళ్లీ పోయాలంటే రెండు గంటలు ఆగాలి. ఎండల్లో 5,000 లీటర్ల ట్యాంకరు 800 చొప్పున 35 తోలించాం. ఇంకా లోతుకు బోరు వేయిద్దాం అని కొందరన్నారు. ఇప్పుడున్నదే 750 అడుగులు. ఈ రాళ్లలో ఇంకో బోరు వేసి నీళ్లు పడకపోతే లక్షలు మట్టిపాలు, నేనైతే ఆ మాట ఎత్తను.

కొత్తగా పెట్టాలనుకుంటున్న ఖర్చు ఒక్కటే, లైట్లు. ఇప్పుడున్నవి 12 మెటల్ హాలైడ్ లైట్లు, ఒక్కొక్కటి 400 వాట్లు. రోజుకు మూడు గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకున్నా 4,320 యూనిట్లు. కరెంటు పోయి వచ్చిందంటే ఇవి వెంటనే వెలగవు, చల్లారి మళ్లీ వేడెక్కే దాకా పదిహేను నిమిషాలు షటిల్ వాళ్లు చీకట్లో బ్యాట్లు పట్టుకుని నిలబడుకోవాల్సిందే. వాటి బదులు 150 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే అదే వాడకానికి 1,620 యూనిట్లు చాలు. మనది కమర్షియల్ మీటరు, సర్దుబాటు చార్జీలతో కలిపి యూనిట్‌కు తొమ్మిది రూపాయల పైనే పడుతోంది, కాబట్టి ఏడాదికి దాదాపు 25,000 మిగులుతుంది. లోడు తగ్గించమని దరఖాస్తు పెట్టుకుంటే ఫిక్స్‌డ్ చార్జీ కూడా కొంత దిగుతుంది. లైట్ల ఖర్చు 54,000. రెండేళ్ల పైన కొన్ని నెలల్లో ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుంది. వచ్చే ఏడాది కరెంటు ఖర్చును నేను కావాలనే పాత 58,000 గానే వేశాను. లైట్లు ఎప్పుడు బిగిస్తారో, రేటు ఎంత అవుతుందో చూశాకే మిగులు గురించి మాట్లాడదాం.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. మామూలు ఖర్చు 5,07,000, లైట్లు 54,000, వెరసి 5,61,000. కట్టే 129 మందిలో 14 మంది విద్యార్థులు, వాళ్లు 3,000 చొప్పున 42,000. మిగతా 115 మంది 4,200 చొప్పున 4,83,000. మ్యాచ్‌ల డబ్బు 62,000. అంతా 5,87,000. మిగిలే 26,000 నిల్వకు పోతుంది. గోడలో పోయిన 65,000 పూడడానికి ఇలా రెండున్నరేళ్లు పడుతుంది. 4,500 చేద్దాం, నిల్వ త్వరగా పెరుగుతుంది అని కమిటీలో ఒకరన్నారు. మరీ ఎక్కువని నేనే వద్దన్నాను.

బయటి టీములకు ఇంకా ఎక్కువ రోజులు ఇచ్చి ఫీజు పెంచకుండా ఉండొచ్చు కదా అంటారా? ఇవ్వొచ్చు. అప్పుడు శనివారం సాయంత్రాలు కూడా మన పిల్లలకు గ్రౌండ్ ఉండదు. డబ్బు కట్టేది మనం, గేటు బయట నిలబడేదీ మనమే అన్నట్టవుతుంది. గోడ మీద దుకాణాల ప్రకటనలు రాయిద్దామన్న మాట కూడా వచ్చింది, లీజు కాగితంలో దానికి ఒప్పుకోలేదు.

ఒకేసారి 4,200 కష్టమైతే రెండు విడతలుగా కట్టండి: ఏప్రిల్ 30 లోపు 2,200, అక్టోబరు 31 లోపు 2,000. అదనంగా ఏమీ పడదు. ఎవరికైనా ఇంట్లో ఇబ్బంది ఉండి అదీ కుదరకపోతే నాతో విడిగా మాట్లాడండి, ఆ మాట మీటింగులో రాదు. డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకండి, నా చేతికి కూడా. ఖాతా నంబరు పాత రసీదు వెనక ఉంది, దానికే వేసి, రసీదు అడిగి తీసుకోండి.

బిల్లులు, బ్యాంకు పుస్తకం, కొత్త లీజు కాగితం జిరాక్సు అన్నీ గేటు పక్క గదిలో ఫైలులో పెట్టాను. 15వ తేదీ నుంచి రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా నేను అక్కడే ఉంటాను, ఏ కాగితమైనా తీసి చూసుకోవచ్చు. మీటింగు 22వ తేదీ ఆదివారం పొద్దున ఏడున్నరకు, ఎండ ముదరకముందే గ్రౌండ్‌లోనే. ఆ రోజు మ్యాచ్ బుకింగ్ పెట్టలేదు. ఇడ్లీ, వడ, కాఫీ ఉంటాయి. వాటి ఖర్చు కమిటీ వాళ్లు తమ జేబుల్లోంచి పెట్టుకుంటున్నారు, ఫైలులో వెతకొద్దు.

మీ
ట్రెజరర్