సాంబయ్య బాబాయికి, ఎరువుల అరువు విషయం

రేపల్లె
4-8-2025, సోమవారం

బాబాయ్, నమస్కారం.

మీ అబ్బాయి తెచ్చిచ్చిన చీటీ చూశాను. పన్నెండెకరాలకు కావలసిన ఎరువులు, గుళికలు మొత్తం ఇప్పుడే ఇచ్చేసి, డబ్బు సంక్రాంతికి తీసుకోమన్నారు. మొక్కజొన్న తాలూకు పాత బాకీ 18,400 కూడా అప్పటికే కలుపుకోమన్నారు. కొట్లో నలుగురి మధ్య మాట్లాడితే మాట పెరుగుతుందని, లెక్కలు కూడా మీ చేతిలో ఉంటాయని కాగితం మీదే రాస్తున్నాను.

సరుకు ఇస్తాను. మొత్తం అరువు మీద మాత్రం ఇవ్వలేను. కొంత నగదు, కొంత ఖాతా. సంక్రాంతి గడువు కూడా కుదరదు.

ముందు మీ చీటీ సంగతి. మీరు రాసినట్టే ఇస్తే 62,436 అవుతుంది. అందులో పైపాటుకని రాసిన ఇరవై-ఇరవై ఎరువు, పన్నెండు బస్తాలు, మీకు అవసరం లేదు బాబాయ్. భాస్వరం దమ్ములో పడాల్సిందే గానీ, ఊడ్చాక పైన చల్లితే పెట్టిన డబ్బుకు ఫలితం ఉండదు. దమ్ములో ఎకరానికి బస్తా డీఏపీ వేస్తున్నారు, అది చాలు. యూరియా కూడా ఎకరానికి రెండు బస్తాలు రాశారు. సాంబ మసూరికి అంత నత్రజని పోస్తే చేను నల్లగా కనిపిస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, ఆ తర్వాత దోమ పడుతుంది, గాలికి పడిపోతుంది. అప్పుడు మళ్లీ మందు డబ్బాల కోసం నా దగ్గరికే రావాలి. ఇరవై-ఇరవై తీసేసి, యూరియా పదహారు బస్తాలకు కుదించాను. లెక్క 44,704కి దిగింది. ఎరువులు అమ్ముకునేవాడు ఎరువులు తగ్గించుకోమంటున్నాడేమిటని నవ్వుకోకండి, నాకు కావలసింది డిసెంబరులో మీరు తీర్చగలిగే బాకీ.

ధరలు ఇవి. డీఏపీ బస్తా 1,350, పన్నెండు బస్తాలకు 16,200. యూరియా 45 కిలోల బస్తా 266.50, పదహారుకు 4,264. పొటాష్ 1,800, ఎనిమిదికి 14,400. కార్టాప్ గుళికలు నాలుగు కిలోల సంచి 410, ఇరవై నాలుగుకు 9,840. యూరియా, డీఏపీ ధర బస్తా మీద అచ్చయి ఉంటుంది. అరువని అంతకంటే రూపాయి ఎక్కువ తీసుకోను, పాత ఖాతాదారని తగ్గించనూ లేను. యూరియా కావాలంటే ఈ డబ్బా కూడా తీసుకోవాలనే బేరం నా కొట్లో లేదని మీకు తెలుసు. గుళికలకు నగదిస్తే సంచికి 30 రూపాయలు తగ్గిస్తాను. ఖాతా రాస్తే 410.

సరుకంతా ఒక్కసారి తీసుకెళ్లి పాకలో చెమ్మ పట్టించుకోవడం దేనికి? మూడు విడతలుగా ఇస్తాను.

ఊడ్పులకు ఇప్పుడు డీఏపీ మొత్తం, పొటాష్ నాలుగు, యూరియా నాలుగు బస్తాలు. 24,466 అవుతుంది. అందులో 11,066 నగదు కట్టాలి, మిగతా 13,400 ఖాతాలో రాసుకుంటాను.

పిలకలప్పుడు గుళికలు, యూరియా ఆరు బస్తాలు. యూరియాకు 1,599 నగదు, గుళికల 9,840 ఖాతా. చిరుపొట్టకు యూరియా ఆరు, పొటాష్ నాలుగు. మళ్లీ 1,599 నగదు, 7,200 ఖాతా.

యూరియా ఎప్పుడైనా నగదే. అందులో నాకు మిగిలేది దింపుడు కూలీకి బొటాబొటీగా సరిపోతుంది, పైగా ఈ ఏడాది లోడు ఎప్పుడొస్తుందో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. మీ పన్నెండు బస్తాలు ఆపి ఉంచడానికి చూస్తాను గానీ లారీ రాకపోతే నన్ననకండి.

ఇక తేదీలు. పాత బాకీలో 9,400 ఆగస్టు 20, బుధవారం లోపల. మిగతా 9,000 సెప్టెంబరు 20, శనివారం లోపల. మొదటిది జమ అయ్యాకే గుళికలు, రెండోది జమ అయ్యాకే చిరుపొట్ట సరుకు. కొత్త ఖాతా మొత్తం 30,440 అవుతుంది. అది డిసెంబరు 27, శనివారం నాటికి తీరిపోవాలి. అప్పటిదాకా వడ్డీ లేదు. 28 నుంచి మిగిలినదాని మీద నూటికి నెలకు రూపాయిన్నర, ఆ బాకీ ఉండగా దాళ్వాకు ఖాతా తెరవను.

మొన్న 2వ తేదీన మీ బ్యాంకు ఖాతాలో ఏడు వేలు పడ్డాయని మీ అబ్బాయి చెప్పాడు. అదంతా నాకే తెమ్మనడం లేదు, ఊడ్పు కూలీలు ఆగరు కదా. పాల డబ్బులు పదిహేను రోజులకోసారి వస్తున్నాయి, అందులోంచి కొంచెం కొంచెం తెచ్చినా జమ రాసి రసీదిస్తాను.

సంక్రాంతి అంటే ఎందుకు కుదరదంటే, మందుల కంపెనీలకు డిసెంబరు ఆఖరుకు నేను లెక్క కట్టేయాలి. డీఏపీకైతే ముందు బ్యాంకులో డబ్బు పడితేనే లారీ కదులుతుంది. ఆ డబ్బు నేను ఓడీ మీద తెచ్చేది. మీ ఒక్కరికే అయితే సర్దేవాణ్ణి, మీకిచ్చిన గడువే రేపు మీ ఊరి వాళ్లందరూ అడుగుతారు. మా నాన్న ఇలా తేదీలు పెట్టేవాడు కాదని చీటీ చివర రాశారు. ఆయన పద్దు పుస్తకాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి బాబాయ్, మీ పేరు పక్కన తేదీ లేని పేజీ ఒక్కటి కూడా లేదు. నోటితో గట్టిగా అడిగేవాడు కాదంతే.

ఈసారి గ్రేడ్-ఏ ధాన్యం 75 కిలోల బస్తాకు మద్దతు ధర 1,792. ఆ ధరకు మీ ఖాతా పదిహేడు బస్తాల ధాన్యం. కౌలు పోను కూడా అది మీకు భారం కాదనే నా లెక్క. ధాన్యం నాకే వేయాలని కూడా అనను, ఎక్కడ ధర పలికితే అక్కడ అమ్ముకోండి.

తుపాను సంగతి మీరు అడగలేదు, నేనే రాస్తున్నాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన చేలు ఎలా పడుకున్నాయో ఇద్దరం చూశాం. అలాంటిది వస్తే డిసెంబరు 27 మాట పక్కన పెట్టి జనవరి 31 చేద్దాం, ఆ నెలకు వడ్డీ వేయను. కాకపోతే గడువు దాటక ముందే వచ్చి చెప్పండి. ఫోను ఎత్తకుండా ఉంటే మాత్రం నాకు కష్టంగా ఉంటుంది.

ఇంకొకటి. పోయిన పంటకు మీ బావమరిది రెండుసార్లు వచ్చి మీ పేర రాయించుకెళ్లారు. ఈసారి మీరు గానీ మీ అబ్బాయి గానీ వస్తేనే మీ ఖాతాలో రాస్తాను. ఎలాగూ డీఏపీ, యూరియాకు మిషన్ మీద వేలిముద్ర పడాలి, ఆధార్ మరవకండి. ప్రతి విడతకూ బిల్లిస్తాను, బాకీ ఎంతుందో దాని మీదే రాసిస్తాను.

ఇది మీకు సమ్మతమైతే బుధవారం పొద్దున పదిలోపు 11,066 తీసుకుని ట్రాక్టరు పంపండి, మీరూ రండి. పన్నెండు బస్తాల డీఏపీ గోడౌన్లో మీ పేర పక్కన పెట్టించాను. గురువారం దాకా ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత వేరేవాళ్లు అడిగితే ఆపలేను.

పిన్నికి నమస్కారాలు చెప్పండి.

మీ
శ్రీను